నాలుగు గీతలు, తొమ్మిది ఆప్షన్లు

ఆ రోజు పోయినవి ఇవి. ఎనిమిది గంటలు. మధ్యలో తెగిపోయిన కనెక్షన్లు పదిహేడు. మా అమ్మాయి కాగితం మీద రాసుకున్న ముప్పై ఒక్క కాలేజీ ఆప్షన్లలో కంప్యూటర్‌లోకి ఎక్కకుండా మిగిలినవి ఇరవై రెండు. చివరన ఏలూరు నెట్ సెంటర్ గుమ్మంలో పది నిమిషాలు. ఈ పది నిమిషాలే మిగతా అన్నిటికంటే ఖరీదైనవి.

నేను కొల్లేరు పక్కన చేపల చెరువుల దగ్గర కాటా లెక్కలు రాసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆపేసినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఇంజినీరింగ్ సీటుకు ఆప్షన్లు ఇంటర్నెట్‌లో పెట్టుకునే పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చింది. సాయంత్రం ఐదింటికి గడువు. అమ్మాయి పొద్దున్నే చెప్పింది.

"నాన్నా, ఏలూరు వెళ్లిపోదాం. అక్కడ కేబుల్ నెట్ ఉంటుంది."

"మన ఆఫీసులో కంప్యూటర్ ఉంది, నా ఫోన్ తగిలిస్తే నెట్ వస్తుంది. ఫోన్‌లో టవర్ సిగ్నల్ చూడు, నాలుగుకి నాలుగు గీతలు. ఇంకెందుకమ్మా బస్సు ఛార్జీలు?"

టవర్ మా చెరువు గట్టుకు రెండు వందల గజాల్లో ఉంది. నా దృష్టిలో గీతలంటే కాటా ముల్లులాంటివి. ముల్లు చివరిదాకా వెళ్లిందంటే సరుకు నిండుగా ఉన్నట్టే.

ఏడున్నరకు మొదలుపెట్టాం. మొదటి పేజీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాతది పదకొండు. ఒక కాలేజీ కోడ్ కొట్టి సేవ్ నొక్కితే తెల్ల తెర, దాని వెనకే పాస్‌వర్డ్ మళ్లీ అడగడం. నేను నోటుబుక్కులో గంట, గీతలు, పట్టిన నిమిషాలు మూడు వరుసల్లో రాసుకుంటూ కూర్చున్నాను. గీతల వరుసలో పై నుంచి కిందదాకా నాలుగే. నిమిషాల వరుస మాత్రం దాని ఇష్టం వచ్చినట్టు పెరిగింది.

ఆ రోజు మూడు చెరువుల్లో పట్టుబడి. బయట వలలు లాగుతున్నారు. ఐసు లారీ ఎక్కడుందని ఒకరు, రేటు ఎంత పలికిందని ఒకరు, కూలీలు తక్కువయ్యారని ఇంకొకరు, గట్టు పొడవునా అందరి చెవులకీ ఫోన్లే. వాళ్ల కేకలకు విసుగొచ్చి నేను కిటికీ తలుపు కూడా వేశాను. ఆ కేకలకూ నా తెల్ల తెరకూ సంబంధం ఉంటుందని తట్టలేదు.

మధ్యాహ్నానికి అమ్మాయి ఓపిక అయిపోయింది. "గీతలు నిండుగానే ఉన్నాయి కదా నాన్నా. నన్ను వాటితోనే చదివించండి" అంది.

మూడున్నరకు తొమ్మిదో ఆప్షన్ సేవ్ అయింది. అప్పుడు లేచాను. బస్సు దిగి నెట్ సెంటర్‌కు చేరేసరికి ఐదూ పది. అక్కడ పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. గడువు ముగిసిందని చెప్పడానికి.

ఆప్షన్లు వరుస పెట్టింది నేనే. పెద్ద కాలేజీలు పైన, అమ్మాయి ర్యాంకుకు నిజంగా వచ్చే తాడేపల్లిగూడెం కాలేజీ కంప్యూటర్స్ పద్నాలుగో చోట. ఎక్కిన తొమ్మిదింట్లో ఒక్కటీ రాలేదు. రెండో విడతకు ఆ కాలేజీలో సివిల్ మాత్రమే మిగిలింది. అందులోనే చేరింది.

వారం తర్వాత టవర్ జనరేటర్ చూడ్డానికి టెక్నీషియన్ వచ్చాడు. నోటుబుక్కు చూపించాను. అతను చదివి నవ్వలేదు, అది అతని మంచితనం.

"ఏవండీ, గీతలు టవర్ మీకెంత గట్టిగా వినబడుతోందో చెబుతాయండి, అంతే. టవర్‌లో ఖాళీ ఉందో లేదో చెప్పవు. బస్సు మీ గుమ్మం ముందే ఆగిందనుకోండి, లోపల కాలు పెట్టే చోటు లేకపోతే ఏం లాభం? మాట్లాడేవాళ్లకే ముందు చోటు. నెట్‌కని విడిగా ఉంచిన సీట్లు కొన్ని ఉంటాయి, మిగతావి కాల్స్ లేనప్పుడే. ఆ కొన్నిటినే నెట్ వాడేవాళ్లంతా పంచుకోవాలి."

"అయితే పట్టుబడి లేని రోజు?"

"చూడండి మీరే."

ఆదివారం వలలు దిగలేదు. అదే కుర్చీ, అదే ఫోన్, అవే నాలుగు గీతలు. పేజీ ఇరవై సెకన్లలో వచ్చింది. నోటుబుక్కులో రాసి, అమ్మాయికి చూపించకుండా మూసేశాను.

ఆ టెక్నీషియన్ వచ్చిన రోజే, అతను వెళ్లేముందు ఇంకొక్కటి అడిగాను. "ఈ టవర్‌లో నెట్‌కని విడిగా ఉంచిన సీట్లు ఎన్నండీ?"

"ఆఫీసులో కనుక్కుని చెబుతానండి."

అమ్మాయి సివిల్ పూర్తి చేసింది, ఉద్యోగంలోనూ చేరింది. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. చివరి పేజీలో "నెట్‌కు విడిగా" అని రాసి, పక్కన గడి గీసి ఉంచాను. అందులో వేయాల్సిన అంకె ఇప్పటికీ రాలేదు.