కొనేవోడు లేని షేరు

మా తమ్ముడు యువరాజు మదనపల్లి మండీలో టమేటాలు వేలం పాడేవోడు. రెండువేల ఎనిమిదిలో షేర్లు నేర్సుకుంటానని కంప్యూటర్లో ఉత్తుత్తి దుడ్డుతో ఆడినాడు. ఆడ ఎన్ని షేర్లు అమ్మినా, తెర మీద కనపడే ధరకే టక్కన పోయేటివి.

"అక్కా, అంతా లాభమే!" అని ఎగిరినాడు.

"దుడ్డు నీది కాకపోతే భయం యాడిదిరా?" అన్న్యా.

వినలా. పెండ్లాం అంబికకు వాళ్లమ్మ ఇచ్చిన పుంగనూరు చేను అమ్మి, నిజం దుడ్డుతో ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్న్యాడు. అవి పడతాంటే అమ్మకానికి పెట్టినాడు. కొనేవోడే లేడు. దినామూ ధర ఇంకా దిగిపాయ.

కొనేవోడు రాకపోతే టమేటాలు రోడ్డుపాలేనని తెలిసినోడే. ఆ ఉత్తుత్తి ఆటలో మాత్రం కొనేవోడు ఎప్పుడూ ఉండేవోడు, మా వోడు దానికి అలవాటు పడిపోయినాడు.

పుంగనూరు బస్సులో పోతే, చేను వచ్చేసోట అంబిక మొగం ఇవతలికి తిప్పుకుంటాది. వాడు పక్కనే కూసోని ఉంటాడు.