మూడు అంశాలూ, ఒక్క మాటా

సమూయేలుకి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ముప్పై ఏళ్ల సర్వీసు, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని తెలుగు చర్చిలో సంఘపెద్దగా పన్నెండేళ్లు. కిందటిసారి అతను చర్చిలో వాక్యం చెప్పినప్పుడు, ఆ ప్రసంగానికి గంటా పావు పట్టింది. ముందు వరుసలో నలుగురు కళ్లు మూసుకుంటే, భక్తితో అనుకుని మరో పది నిమిషాలు పొడిగించాడు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అందుకే ఈసారి ఊరెళ్తూ పాస్టరుగారు షరతు పెట్టారు. "లూకా సువార్త అయిదో అధ్యాయం, మొదటి పదకొండు వచనాలు. మూడు అంశాలు, మూడింటికీ కలిపి ముఖ్యభావం ఒక్క వాక్యంలో. శుక్రవారానికి రాసి పంపండి. కుదరకపోతే తీతుగారు చెప్తారు."

తీతు ఇంకో సంఘపెద్ద; అతనికి ఇస్తే ఇక తన వంతు రాదు. సమూయేలుకి పుల్పిట్ ఎక్కి ప్రసంగించడమంటే ప్రాణం. అరగంటలో రాసేశాడు: ప్రభువు కూర్చుని బోధించడానికి పడవ ఇచ్చిన పేతురు దాతృత్వం, వల నిండా ఆశీర్వాదం, తోటి జాలరులతో ఐక్యత. గోల్‌బజార్ నుంచి తెచ్చిన చేపలు కడుగుతున్న భార్య కృపమ్మకి గొప్పగా చదివి వినిపించాడు.

"మూడూ బాగానే ఉన్నాయి," అంది కృపమ్మ. "అయితే మూడాదివారాలు సెప్పాల. ఇందులో ఏది పట్టుకుని ఇంటికెళ్లమంటారు?"

ఆమెకేం తెలుసని గంటసేపు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. తర్వాత, ఆమెది తప్పని రుజువు చేద్దామనే మళ్లీ చదివాడు. అయిదో వచనం దగ్గర ఆగిపోయాడు. చేపలు పట్టడం పేతురు వృత్తి. రాత్రంతా శ్రమించినా ఏమీ పడలేదు. వల వేయమన్న ప్రభువేమో వడ్రంగి ఇంట్లో పెరిగినాయన. అయినా వేశాడు. కథంతా దానిమీదే నిలబడింది.

అప్పుడు ఒక్క వాక్యం కుదిరింది: మనకు బాగా తెలిసిన పనిలో కూడా ప్రభువు మాటకే లోబడాలి. దాని కింద మూడు అంశాలు. పేతురు తన చేతకానితనం ఒప్పుకున్నాడు, అయిదో వచనం మొదటి సగం. ఆయన మాట మీద వల వేశాడు, అక్కడినుంచి ఏడు దాకా. చివరికి తన్ను తానే అప్పగించుకున్నాడు, ఎనిమిది నుంచి పదకొండు. దాతృత్వాన్నీ ఐక్యతనీ కొట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. పడవకి తగ్గట్టు, తను స్కూటరు అరువిచ్చిన కథ ఒకటి సిద్ధంగా పెట్టుకున్నాడు మరి.

రాసినది శుక్రవారానికే పంపి, ఆదివారం ఇరవై రెండు నిమిషాల్లో ముగించాడు. ఎవరూ కునకలేదు. తన గురించి ఒక్క ముక్కా చెప్పకుండా పేతురు గురించే చెప్పానని లోలోపల పొంగిపోయాడు.

మంగళవారం తిరిగొచ్చిన పాస్టరుగారు, అతని ఎదుటే, చర్చిలో ఎప్పుడూ నిద్రపోయే ఎలీసమ్మని అడిగారు. "ఆదివారం వాక్యంలో ఏం గుర్తుందమ్మా?"

"మనకొచ్చిన పన్లోనే దేవుడి మాట ఇనడం కష్టమంట బాబూ," అంది ముసలామె. "పాపం సమూయేలు, తన బుద్ధి తనే ఒప్పుకున్నాడు. అంతమంది ముందర ఎవరు సెప్పుకుంటారు?"

పాస్టరుగారు వచ్చే నెలకి అతని పేరే రాసుకున్నారు. సమూయేలు మాత్రం, అది పేతురు సంగతని ఆమెని సరిదిద్దడానికి నోరు తెరిచి, పుల్పిట్ విషయంలో ఆమె అన్నది తన గురించీ నిజమేనని తోచి, తలూపాడు.