ముందు యాడికి?

మా ఇంట్లో ప్రయాణమంటే ఎక్కడికి పోవాలన్నది ఎప్పుడూ తగాదా కాదు. ముందు ఎక్కడికి అన్నదే తగాదా. ఆ ‘ముందు’ అనే మాట పుట్టకపోయి ఉంటే నాకు ఇంకో పదేళ్ళ ఆయుష్షు మిగిలేది.

మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది. బెంగళూరులో ఉద్యోగం ఆగస్టులో మొదలు. మధ్యలో రెండు నెలలు ఖాళీ. హాస్టల్లో తనతో పాటు ఉన్న స్నేహితురాలు, తనూ కలిసి దేశం తిరిగి వస్తామన్నారు. ఆ స్నేహితురాలిది యాడికి అనే ఊరు. ఆ పిల్ల మొదటిసారి ముదిగుబ్బలో మా ఇంటికి వచ్చినప్పుడు “సెలవులకు యాడికి పోతాండావు పాపా” అని అడిగితే “యాడికే మామా” అన్నది. నన్ను ఎగతాళి చేస్తోందేమో అనుకుని సాయంత్రం దాకా మాట్లాడలేదు.

ఇద్దరూ కలిసి మా గచ్చు మీద శనక్కాయలతో దేశాన్ని పరిచారు. ఖర్చు ఎక్కువయ్యే చోట గుప్పెడు కాయలు, తక్కువ చోట రెండో మూడో. ఒళ్ళు అలిసే చోట పొట్టుతో సహా కాయలు, ఊరకే కూర్చునే చోట ఒలిచిన విత్తనాలు. ముందు హంపి, బాదామి. ఇంటికి దగ్గర, తిండి మనదే, కన్నడం వస్తుంది. సంచి బరువైనా, ఏదైనా మరిచిపోయినా అక్కడే తెలిసిపోతుంది. తర్వాత మధ్యలో ఒక్క రాత్రి మాత్రం దిగి పైకి, సిమ్లా మీదుగా కిన్నౌర్, అక్కడి నుంచి స్పితి కొండలు. అప్పటికి సెలవులకొచ్చిన జనం తగ్గిపోతారు, గది అద్దెలు దిగుతాయి. కొండల్లో డబ్బూ ఒళ్ళూ రెండూ కరిగిపోతాయి కాబట్టి దిగగానే అమృత్‌సర్‌లో తీరిగ్గా ఉండడం. గురుద్వారాలో తిండికి ఖర్చు లేదు. ఆపైన నాలుగు వానలు పడ్డాక రాజస్థాన్. యాత్రికులు రాని కాలం కాబట్టి గదులు చవక. చివర భోపాల్ మీదుగా ఇంటికి.

“ఒకసారి దాటిన దారి మళ్ళీ దాటేది లేదు నాయనా,” అన్నది మా అమ్మాయి. “వరసగా రెండు రాత్రులు రైల్లో పడుకునేది లేదు. గుప్పెడు కాయల ఊరు పక్కన ఇంకో గుప్పెడు కాయల ఊరు పెట్టేది లేదు.”

నేను చాలా మెచ్చుకున్నాను. మెచ్చుకుంటూ స్పితి మొత్తం తినేశాను.

“ఏమయ్యా, బిడ్డ కొండలు పెట్టుకుంటే మింగితివే,” అన్నది నా భార్య.

“హిమాలయాలు అరిగించుకున్నోడు ఈ జిల్లాలో నేనొక్కడినే,” అన్నాను.

నవ్వుల మధ్యలో మా అమ్మ దేవుడి గూట్లోంచి ఇత్తడి చెంబు తీసుకొచ్చి ఆ శనక్కాయల నడుమ పెట్టింది. మూతికి గుడ్డ కట్టి ఉంది. లోపల రామేశ్వరం ఇసుక. ఎన్నడో ఊరి ఆడవాళ్ళతో బస్సులో పోయినప్పుడు తెచ్చుకున్నది. సేతువు ఇసుకను ప్రయాగలో గంగలో కలపాలి, ఆ గంగ నీళ్ళు తెచ్చి రామేశ్వరంలో స్వామికి అభిషేకం చేయించాలి. అప్పుడు గానీ కాశీయాత్ర నిండదు. అమ్మ మోకాళ్ళు సగం యాత్రకే చాలించుకున్నాయి. మిగతా సగం ఆ చెంబులో కూర్చుని ఉంది.

“పోయేటోళ్ళు ఎట్లా పోతాండారు. దేవుని పని ముందు చేయండి, ఊర్లు తిరిగేది మల్ల,” అన్నది.

“ముందంటే ఎట్లమ్మా,” అన్నాను. “జూన్లో ప్రయాగ అంటే పొయ్యిలో కాలు పెట్టినట్లే. ఆ నీళ్ళు తీసుకుని రామేశ్వరం దిగాల, మల్ల కొండలకు ఎక్కాల. దేశాన్ని నిలువునా మూడుసార్లు గీసినట్లయితాది.”

“మన ఎండ చూసినోళ్ళకు కాశీ ఎండ ఒక ఎండా?”

ఇదే మా వాళ్ళందరి జబ్బు. ఎండ మా సొంత ఆస్తి, మిగతా దేశమంతా మా దగ్గర అప్పు తీసుకుని కాస్తోందని మా నమ్మకం. ఇక్కడ పగలెంత కాల్చినా రాత్రి అరుగు మీద పడుకుంటే గాలి తగులుతుంది. గంగ ఒడ్డున రాత్రి కూడా చెమట ఆరదు. ఆ ముక్క చెప్పబోయి, అలవాటు చొప్పున నాలుగు కలిపాను. నేను బోరు మోటార్లు తీసుకోవడానికి ఆ పక్కకు పోయినప్పుడు కాకి ఎగురుతూ ఎగురుతూ వేగి కింద పడిందనీ, హోటలువాడు దాన్ని అన్నంలో నంజుకోమన్నాడనీ చెప్పాను. అంతే. నిజం కూడా ఆ కాకితోపాటు వేగిపోయింది.

“వాడి మాటలు వినొద్దండి,” అన్నది అమ్మ. “వాడు పోయినసారి బోర్లోంచి చేప వచ్చిందన్నాడు.”

ఆ చేప సంగతి నిజం కాదు. కాకి సంగతీ నిజం కాదు. ఎండ సంగతి మాత్రం నిజం. కానీ నా నోట్లోంచి వచ్చే నిజానికి ఈ ఊళ్ళో చెల్లుబాటు లేదు.

మా అమ్మాయి అవ్వ మొహం చూసింది. చెంబు చూసింది. హంపి కాయలు తీసి నోట్లో వేసుకుంది. ప్రయాగ ముందుకొచ్చింది. “రామేశ్వరం పోయి మల్ల కొండలకు పోతాంలే అవ్వా,” అని మాటిచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది. రెండు నెలల వరసను ఒక్క నవ్వుతో చెడగొట్టుకునే పిల్లకు కంపెనీవాడు ఏం చూసి ఉద్యోగమిచ్చాడో.

ధర్మవరంలో రైలెక్కించి వచ్చాను. రెండు రైళ్ళు మారి ప్రయాగ చేరారు. ఇసుక కలిపారు, బుంగలో నీళ్ళు పట్టారు, కాశీ పోయారు. అక్కడ యాడికి పిల్లకు ఎండదెబ్బ తగిలి వాంతులు పట్టుకున్నాయి. మామూలు గదిలో ఫ్యాను తిప్పితే పొయ్యి ఊదినట్టు ఉందని ఏసీ గదికి మారారు. బయటికి అడుగు పెట్టలేక అందులోనే పడి ఉన్నారు. ఊరు చూసింది లేదు, అద్దె మాత్రం కట్టారు. రాజస్థాన్ కోసం దాచుకున్న శనక్కాయలన్నీ ఆ గది తినేసింది.

“నాయనా,” అన్నది ఫోన్లో. గొంతు మా ఎండాకాలం బోరులా ఉంది. “ఇంగ రామేశ్వరం పోవాలంటే వరసగా రైళ్ళలోనే ఉండాల. ఆడినుంచి కొండలకు పోవాలంటే మల్ల అంతే. అంత దుడ్లు లేవు. ఈ పిల్లకు ఓపిక లేదు. నీళ్ళు రామేశ్వరంలో ఇచ్చేసి ఇంటికే వచ్చేస్తాం.”

“కొండలు?”

“కొండలు ఇంగెప్పుడన్నా.”

ఇంకెప్పుడన్నా అనేది ఉద్యోగంలో చేరేవాళ్ళు చెప్పే పెద్ద అబద్ధం. అబద్ధాల్లో నాకు అనుభవముంది కాబట్టి చెబుతున్నాను.

“పిచ్చిదానా, రామేశ్వరం చివర పెట్టుకో,” అన్నాను. “కాశీ నుంచి కొండలు దగ్గర. ఇప్పుడే ఎక్కిపోండి. దిగినాక ఎట్లాగూ ఇంటిపక్కకే రావాల కదా.”

“అవ్వ ఒప్పుకోదు. కాశీ దాటినాక గంగను చేత్తో పట్టుకుని ఇంకో ఊరు తొక్కకూడదంట. ముందే చెప్పింది. నువ్వు ఒప్పించు.”

ఒప్పించు. ఇంతమంది ఉన్న ఇంట్లో ఎవరూ నమ్మని మనిషికి ఆ పని.

అమ్మ శనక్కాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. పూర్వం కణేకల్ నుంచి ఒక ముసలాయన కాశీకి నడిచి పోయి, గంగను భుజాన వేసుకుని దారి తప్పి నేపాళం మీదుగా తిరిగొస్తే ఆ నీళ్ళు రెండింతలయ్యాయని చెప్పాను. అమ్మ ఒలుస్తూనే ఉంది. చల్లటి చోట పెట్టకపోతే గంగకు కోపమొస్తుందనీ, కొండల్లో పెడితే శాంతిస్తుందనీ చెప్పాను. ఒక విత్తనం నోట్లో వేసుకుంది. చివరికి ఒక పండితుడు నాతో స్వయంగా చెప్పాడని మొదలుపెట్టేసరికి చేట పక్కన పెట్టింది.

“అబ్బీ, బిడ్డకు బాగలేదా?”

“దాని స్నేహితురాలికి. ఇప్పుడు మేలు. కానీ దుడ్లు అయిపోయినాయి. రామేశ్వరం పోతే కొండలు లేవు.”

“ఆ మాట చెప్పకుండా నేపాళం ఎందుకు తిరిగినావు?”

అమ్మ బయటికి చూసింది. ఎదురుగా ఎండకు తెల్లబడిన చేను, గొర్రెలు తొక్కిన దుమ్ము.

“గంగ యాడ పుడతాది?” అని అడిగింది.

“కొండల్లో.”

“రామేశ్వరంలో ఉండేదెవరు?”

“శివుడు.”

“అంటే గంగకు మొగుడు. ఆడపిల్లను అత్తింటికి సాగనంపే ముందు పుట్టింటికి తీసుకపోతే తప్పేముండాది? తీసుకపొమ్మను. నాలుగు దినాలు ఉండి, మల్ల రామేశ్వరం తీసుకపొమ్మను.”

నా ముప్పై ఏళ్ళ వృత్తి మీద ఆవిడ నీళ్ళు చల్లినట్టయింది. ఇంత చక్కటి అబద్ధం నాకెందుకు తట్టలేదని ఆ పూటంతా తల బాదుకున్నాను. పైగా గంగ పుట్టింది ఉత్తరాఖండ్ కొండల్లో. వీళ్ళు పోయేది హిమాచల్ కొండలకు. అక్కడి నీళ్ళు సట్లెజ్‌లో కలిసి వేరే సముద్రానికి పోతాయి. గంగను పుట్టింటికని చెప్పి పినతల్లి ఇంట్లో దించినట్టు. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా.

వాళ్ళు కాశీ నుంచి పైకి ఎక్కారు. సిమ్లాలో జనం ఇంకా తగ్గలేదు, గదులు మండిపోతున్నాయని అక్కడ ఆగకుండా కిన్నౌర్ పోయారు. ఆగి ఆగి కొంచెం కొంచెంగా ఎత్తు ఎక్కారు, అందుకే ఊపిరి ఆడకపోవడమనే బాధ లేదు. స్పితి నుంచి ఫోటో పంపింది. పచ్చని మొక్క లేదు, రాయి, దుమ్ము, ఆకాశం. నా భార్య చూసి, “ఇంత దూరం పోయింది మన ముదిగుబ్బ చూసేదానికా,” అన్నది.

రాజస్థాన్ చేజారిపోయింది. అమృత్‌సర్‌లో తీరిగ్గా ఉండాల్సింది రెండు పూటలకే ముగిసింది. మధ్యలో భోపాల్‌లో దిగి ఒళ్ళు వాల్చి, రామేశ్వరం చేరి అభిషేకం చేయించి, చివరికి ఇద్దరూ ఎండిన వేపపుల్లల్లా ఇంటికొచ్చారు. వచ్చిన మూడు రోజులూ నిద్రే. నిద్ర లేచాక మా అమ్మాయి అన్న మొదటి మాట: “హంపి నుంచి మొదలుపెట్టుంటే రాజస్థాన్ కూడా చూసుండేటోళ్ళం నాయనా.”

అది వినాల్సిన మనిషి వినలేదు. మా అమ్మ అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. “ముందు కాశీకి పోయినారు కాబట్టే అంతా బాగా జరిగింది. దేవుని పని ముందు.”

నేను లోపలికి పోయి కాస్త నీళ్ళు తాగుదామని దేవుడి గది దాటుతుంటే గూట్లో ఇత్తడి చెంబు కనిపించింది. కొత్త గుడ్డ కట్టి ఉంది. ఎత్తి చూశాను. బరువుగా ఉంది.

“అవ్వ ఫోన్ చేసి తెమ్మన్నది,” అన్నది మా అమ్మాయి వెనక నుంచి. “రామేశ్వరం ఇసుక. ఈ తూరి నీ వంతంట.”