గోడవైపు తిప్పిన అక్షరాలు

చనిపోయిన రోజు పొద్దున ఆన్సెల్మో చేసిన ఆఖరి పని, వ్యానును ఇంటి ముందు అటూ ఇటూ తిప్పి దాని కుడిపక్కను గోడకు ఆనేలా పెట్టడం. అలా పెట్టాల్సిన అవసరమే లేదు. అది అతను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న తెల్ల వ్యాను. దాని మీద ఏ పక్కనా ఒక్క అక్షరం లేదు. దాచడానికేమీ లేని బండిని అంత జాగ్రత్తగా దాచి, తాళం చెవి మేకుకు తగిలించి, కాఫీ కలుపుకుందామని కూర్చున్నాడు. కుర్చీలోంచి మళ్ళీ లేవలేదు.

అతని భార్య హెర్మీకి ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. ఇలోయిలో అనే ఆ ఊళ్ళో, లాపాజ్ పేట వాళ్ళందరికీ తెలుసు.

పాతికేళ్ళ వయసులో ఆన్సెల్మో రొడెలియో దగ్గర పురుగుమందు కొట్టే పనిలో చేరాడు. రొడెలియో అతని బాల్యస్నేహితుడు. ఆన్సెల్మో పెద్దకూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా ఒళ్ళో పట్టుకున్నది రొడెలియోనే. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు పేరుతో కాక 'పారె' అనే పిలుచుకునేవాళ్ళు. సొంత అన్నదమ్ముల మధ్య దాపరికాలుంటాయేమో కానీ, పారెల మధ్య ఉండకూడదని ఆ ఊరి నమ్మకం.

మొదట్లో వ్యాపారం సాగలేదు. వ్యాను మీద రెండు పక్కలా పెద్ద బొద్దింక బొమ్మ వేసి, కింద 'మురికి పురుగులకు మేమే మృత్యువు' అని రాయించాడు రొడెలియో. జనం ఫోను చేసేవాళ్ళు, రమ్మనేవాళ్ళు, తీరా వ్యాను వీధి మలుపు తిరగగానే తలుపులు వేసుకునేవాళ్ళు. ఒకావిడ కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "ఇక్కడ కాదు, ఇక్కడ కాదు! పక్క వీధిలో ఆపి నడిచి రండి," అని అరిచింది. ఇంకొకావిడ వచ్చినవాళ్ళను పొరుగువాళ్ళకు గ్యాసు రిపేరువాళ్ళని పరిచయం చేసింది.

"వీళ్ళకు పురుగంటే భయం లేదు పారె," అన్నాడు ఆన్సెల్మో. "పొరుగావిడంటే భయం."

ఆ బొమ్మ చెరిపించింది అతనే. కుడిపక్క మాత్రమే కొత్తగా రాయించాడు. ఎడమపక్క ఖాళీగా వదిలేశాడు. కస్టమరు ఇంటి ముందు ఎప్పుడూ అక్షరాలు గోడవైపు ఉండేలా బండి పెట్టేవాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకు అదొక మామూలు తెల్ల వ్యాను. గేటు తీసి బయటికొచ్చిన ఇంటావిడకు మాత్రం ఆ అక్షరాలు కనబడేవి. ఆమె చదివి నవ్వితే ఇక తలుపు తెరుచుకున్నట్టే.

అక్షరాలు ఇవి: 'వెళ్ళిపొమ్మని చెప్పడానికి మీకు మొహమాటం. మాకు లేదు.'

ఊరి పండగ ఫియెస్టా నాడు పిలిచినవాళ్ళూ పిలవనివాళ్ళూ వచ్చి తిని, మర్నాటికీ కదలకుండా కూర్చుంటే నోరు విప్పి 'ఇక లేవండి' అనలేని జనం వాళ్ళు. ఆ మాట చదవగానే ప్రతి ఇల్లాలికీ తన ఇంట్లో తిష్టవేసిన ఏ మరిదో, ఏ మేనత్తో గుర్తొచ్చేవాళ్ళు. బొద్దింక కూడా ఆ వరసలో చేరిపోయేది.

కొత్త వాక్యం తట్టినప్పుడల్లా ఆన్సెల్మో దాన్ని హెర్మీ మీద ప్రయోగించేవాడు. ఆమె ఇల్లు ఊడుస్తున్నప్పుడే కావాలని చెప్పేవాడు.

"విను. 'చెదపురుగుకు మంచి కలప ఏదో తెలుసు. అందుకే మీ ఇల్లు ఎంచుకుంది.'"

హెర్మీ ఊడవడం ఆపకుండానే నవ్వేది. అది పాసు.

"ఇది విను. 'మీ వంట బాగుంటుందని ఎవరో వాటికి చెప్పేసినట్టున్నారు.'"

అదీ పాసే.

"'మీ వంటింట్లో మీకంటే ఎక్కువమంది కాపురం ఉంటున్నారు!'"

చీపురు ఆగిపోయింది. ఆగడమే కాదు, వచ్చి అతని భుజానికి తగిలింది.

"ఏంటి, నా వంటింటికి ఏమొచ్చింది? రోజుకు రెండుసార్లు తుడుస్తున్నాను, కనబడట్లేదా?"

"అరె, నీ గురించి కాదు..."

"చదివే ప్రతి ఆడదీ తన గురించే అనుకుంటుంది. మొగుడివి కాబట్టి చీపురుతో పోయింది. కస్టమరయితే చెప్పు తీసుకుంటుంది."

ఆ వాక్యం అక్కడే చచ్చింది. ఆ రోజు ఆన్సెల్మో ఒక నియమం పెట్టుకున్నాడు. నవ్వు పురుగు మీద పడాలి, ఇంటావిడ మీద పడకూడదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు మందు కలపడం కంటే ముందు ఇదే నేర్పేవాడు. "సింకు కింద నల్ల మిరియాల పొడిలా రెట్ట కనిపిస్తే ముక్కు మూసుకోకండ్రా. 'సరుకుల అట్టపెట్టెలో గుడ్లు వచ్చుంటాయమ్మా, డ్రైనేజీ లోంచి ఎక్కుంటాయమ్మా' అనండి. అది అబద్ధం కూడా కాదు. ఎంత తుడిచే ఇంటికైనా వస్తాయి." తలుపు బందుల దగ్గర, సొరుగుల వెనక, బియ్యపు గింజంతేసి చుక్కలుగా జెల్ పెట్టి, దాని మీద స్ప్రే కొట్టొద్దని, కొడితే బొద్దింకలు ఆ మందు ముట్టవని ఇంటావిడకు ఓపిగ్గా చెప్పేవాడు. వెళ్ళేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకే మాట అనేవాడు. "ఇక్కడ ఏం చూశామో మాకూ బొద్దింకకూ మాత్రమే తెలుసు మేడం. బొద్దింక ఇక చెప్పే స్థితిలో ఉండదు. నేను చెప్పను."

ఆ మాట నమ్మినవాళ్ళలో ఉర్సులా మేడం ఒకరు. పేటలో సగంమందికి అక్షరాలు దిద్దించిన రిటైర్డ్ టీచరు. భర్త పోయాక వంటింటి కిటికీలోంచే బిబింగ్కా అమ్మేది. బియ్యప్పిండి, కొబ్బరిపాలతో చేసి అరిటాకు మీద కాల్చే ఆ రొట్టె కోసం పొద్దున్నే కిటికీ ముందు జనం నిలబడేవాళ్ళు. నిలబడ్డవాళ్ళందరికీ లోపల సింకు మీద నీలం పువ్వుల పెంకులు కనబడేవి. ఆమె భర్త తన చేత్తో అతికించినవి.

తినుబండారాలు అమ్మే ఇంట్లో బొద్దింకలని బయటికి పొక్కితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రెండుమూడుసార్లు ఫోను ఎత్తి పెట్టేసి, చివరికి ఆన్సెల్మోను పిలిపించింది. అతను రాగానే అక్షరాలు గోడవైపు ఉండేలా బండి పెట్టాడు. ఆమె గేటు తీసి, చదివి, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదివింది.

"'మొహమాటం' సరిగ్గానే రాశావురా. బళ్ళో తప్పు రాసేవాడివి."

"మీరు కొట్టిన దెబ్బలు మేడం, వృథా పోతాయా?"

సింకు కింద పలక తీసి, గోడ పగులులో గూడు కట్టిన చోటును ఫోనులో ఫోటో తీసుకున్నాడు. ఎక్కడ ఎంత మందు పెట్టాలో చూసుకోవడానికి ప్రతి ఇంట్లోనూ తీస్తారు, ఆఫీసుకు పంపుతారు. అది పనిలో భాగం.

ఆ ఏడాది రొడెలియోకు పెద్ద వ్యాపారం మీద మనసు పడింది. మాల్ ఎదురుగా అద్దాల ఆఫీసు తీసుకున్నాడు. ఒకరోజు ఆన్సెల్మో పనికి వెళ్తూ లాపాజ్ మార్కెట్ మూల మీద కొత్త టార్పాలిన్ బ్యానరు చూశాడు. ఇంటి గోడంత ఉంది. దాని మీద వంటింటి ఫోటో, పగులులోంచి బయటికొస్తున్న బొద్దింకల గుంపు. కింద ఎర్రటి అక్షరాల్లో, 'ఇది ఎవరిల్లో కాదు. మీ ఇల్లే కావచ్చు.'

ఫోటోలో పైన, సింకు మీద, నీలం పువ్వుల పెంకులు.

ఆన్సెల్మో నేరుగా ఆఫీసుకెళ్ళి రొడెలియో టేబుల్ ముందు నిలబడ్డాడు.

"దించెయ్ పారె. ఇప్పుడే దించెయ్."

"కూర్చో. మంచినీళ్ళు తాగు. పొద్దున్నుంచి ఫోన్లు ఆగడం లేదు తెలుసా? నీ రాతలు చదివి నవ్వుకుని వెళ్ళిపోతారు. భయపడితే ఫోను చేస్తారు."

"నేను ఆ ఫోటో నీకు మందు కోసం పంపాను. బజార్లో పెట్టడానికి కాదు."

"పేరు వెయ్యలేదుగా!"

"ఆ పెంకులు చూడని మనిషి ఈ పేటలో ఉన్నాడా? నువ్వు కూడా ఆ కిటికీ ముందు నిలబడి తిన్నవాడివేగా?"

రొడెలియో టేబుల్ మీది కాగితాలు సర్దాడు. తర్వాత నెమ్మదిగా, "ఫోటో తీసింది నువ్వు పారె. నేను కాదు," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆన్సెల్మో భార్యకు పారె అన్న ఆ ఒక్క మాటే చెప్పాడు. తిట్టలేదు. భోజనం దగ్గర చేప ముల్లు తీస్తూ తీస్తూ ఆగి, "నా కూతుర్ని ఒళ్ళో పెట్టుకున్న మనిషి," అన్నాడు. మళ్ళీ ముల్లు తీయసాగాడు.

మర్నాడు ఉర్సులా మేడం ఇంటికి వెళ్ళాడు. కిటికీ ముందు ఎవరూ లేరు. పొయ్యి మీద అరిటాకు వాసన లేదు. అతను పిలిస్తే ఆమె కిటికీ రెక్క సగం తీసింది.

"మేడం, అది నేను..."

"అక్షరాలు గోడవైపు తిప్పి పెట్టేవాడివి కదురా," అంది ఆమె. "నేను ఎంత నవ్వుకున్నాను."

రెక్క మూసుకుంది. పారె పేరు చెప్పి తప్పించుకోవడానికి అతనికి నోరు రాలేదు. ఇంకొకరి మీద నింద వేసినట్టుంటుందని మళ్ళీ తలుపు తట్టలేదు కూడా. ఆమె తనంతట తాను పిలిస్తే తప్ప వెళ్ళకూడదనుకున్నాడు.

ఆన్సెల్మో రోజూ వెళ్ళి అడగ్గా అడగ్గా, చివరికి టార్పాలిన్ దించారు. అతను మాత్రం ఉద్యోగంలోనే ఉన్నాడు, చిన్న కూతురి చదువు అయ్యేవరకని. రోజూ ఆఫీసుకు రాగానే, "మేడం ఏమైనా ఫోను చేశారా?" అని అడిగేవాడు. "లేదు పారె," అనేవాడు రొడెలియో. అడిగినన్నాళ్ళూ అదే జవాబు. ఒకరోజు అడగడం మానేశాడు, ఆ వారమే పనీ మానేశాడు. పాత వ్యాను కొన్నాడు. చెదలు పట్టిన గోడల మొదట్లో కన్నాలు వేసి మందు ఎక్కించే పనులు దొరికాయి. "దీని మీద ఏమైనా రాయించవా?" అని హెర్మీ అడిగితే, "రాసింది నిలబెట్టుకోవాలి కదే," అన్నాడు. తర్వాత ఆమె ఇల్లు ఊడుస్తుంటే అతను ఎప్పుడూ కొత్త వాక్యం చెప్పలేదు. ఆమె కావాలని చీపురు ఆపి చూసేది. అతను కిటికీలోంచి బయటికి చూస్తుండేవాడు.

అక్కడి ఆనవాయితీ ప్రకారం శవపేటిక ఇంట్లో ఉన్న రోజుల్లో పేటంతా వచ్చింది. కాఫీ, బిస్కెట్లు, రాత్రంతా మేలుకుని ఉండేవాళ్ళకు మూల బల్ల మీద పేకాట. రొడెలియో పూలచక్రం పంపాడు. దాని మీద కంపెనీ పేరు పెద్దగా ఉంది. తను రాలేదు. హెర్మీ దాన్ని తిప్పి, పేరు గోడవైపు ఉండేలా పెట్టింది.

ఒక మధ్యాహ్నం ఉర్సులా మేడం వచ్చింది. చేతిలో అరిటాకు చుట్టిన వేడి వేడి బిబింగ్కా. చాలాసేపు పేటిక దగ్గర నిలబడి, తర్వాత హెర్మీ పక్కన కూర్చుంది.

"నాకు కోపం తగ్గడానికి ఎక్కువ రోజులు పట్టలేదమ్మా. వాడు ఫోటో తీశాడు సరే, బజారుకెక్కించేవాడు కాదని తెలుసు. నేను చదువు చెప్పిన పిల్లాడు కదా. కానీ కబురు పంపినా రాలేదు. నా మీద అలిగాడేమో అనుకున్నాను."

"కబురా? ఎవరితో మేడం?"

"ఆ బ్యానరు దించిన వారమే ఆఫీసుకు ఫోను చేశాను. రొడెలియోనే ఎత్తాడు. ఆన్సెల్మోనే పంపించు, బండి అక్షరాలు ఈసారి రోడ్డువైపు పెట్టమన్నానని చెప్పు, అందరూ చదవనీ అన్నాను. 'అలాగే మేడం, ఇక్కడే ఉన్నాడు, ఇప్పుడే చెబుతాను' అన్నాడు."