గీత దాటిన వలయం

మా ఇంట్లో తామరంటే ఎవరికీ భయం లేదు. ఉక్కపోత మొదలైతే చాలు, ఎవరో ఒకరికి నడుము మీదనో తొడ మీదనో గుండ్రంగా లేస్తుంది. గోక్కుంటూ తిరుగుతారు, ట్యూబు రాస్తారు, మానుతుంది, మళ్లీ వస్తుంది. అందుకే మా ఆయన మోకాలి వెనక ఎర్రటి వలయం కనిపించిన రోజు నేను చేసిందల్లా ఆయన తువ్వాలు, సబ్బు వేరు పెట్టి, పిల్లల్ని ఆయన మంచం ఎక్కొద్దనడమే.

మా ఆయనకు మిర్యాలగూడలో పండ్ల హోల్‌సేల్ దుకాణం ఉంది. ఏటా వానాకాలంలో హిమాచల్ పోయి, తోటల్లో తిరిగి, కాయ చెట్టు మీద ఉండగానే మాట్లాడుకొని వస్తాడు. ఫోన్లో బేరం చేసుకోవచ్చు కదా అంటే, చేత్తో పట్టి చూడకుండా కొనేవాడు వ్యాపారే కాదంటాడు. పెళ్లైన కొత్తలో ఆ మాట గొప్పగా వినిపించేది. ఇప్పుడు విని ఊరుకుంటాను.

ఆ ఏడు అట్లా పోయొచ్చిన కొన్నాళ్లకే ఈ వలయం లేచింది. మా అత్తమ్మ చూసి బాల్‌పెన్ను అడిగింది. ఆమె పుట్టింటి వైపు తామర చుట్టూ సిరా గీత గీస్తే అది గీత దాటదని నమ్మకం. కొడుకును బోర్లా పడుకోబెట్టి, వలయం అంచు పట్టుకొని చుట్టూ నీలం గీత గీసింది.

"ఇగ గీడనే ఆగుతది," అన్నది.

కోదాడలో మెడికల్ షాపు పెట్టుకున్న మా తమ్ముడికి ఫోటో పంపాను. వాడు నిమిషంలో ఫోన్ చేశాడు.

"తామరే అక్కా. రోజూ పది మంది వస్తారు దీనికి. ట్యూబు పంపిస్తా, వారంలో తగ్గుద్ది."

ఆ ట్యూబు మా వైపు బీరువా లేని ఇంట్లో కూడా ఉంటుంది. రాసిన రెండు రోజులకు వలయం లోపలి ఎరుపు పలచబడింది. మా ఆయన అద్దం పట్టుకొని చూసుకొని, నీ తమ్ముడు డాక్టర్ కావాల్సినోడు అని నన్ను ఏడిపించాడు. నాకూ సంతోషమే వేసింది.

తర్వాత జ్వరం వచ్చింది. ఎక్కువేం కాదు, కానీ మనిషి మెత్తబడిపోయాడు. మెడ పట్టేసిందన్నాడు, కీళ్లు గుంజుతున్నాయన్నాడు. దుకాణం తెరవని రోజంటూ ఎరుగని మనిషి పొద్దెక్కేదాకా మంచం దిగలేదు. నొప్పుల నూనె రాద్దామని కాలు పట్టుకున్నాను. ఎరుపు అత్తమ్మ గీతను దాటి రెండు వేళ్ల మేర బయటికి పోయి ఉంది. లోపల చర్మం మామూలుగా ఉంది, బయట ఎర్రటి అంచు. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

"దురద పెడుతుందా?"

"లేదు. అసలెప్పుడూ పెట్టలే."

అప్పుడు నా చెయ్యి ఆగింది. తామర వచ్చినవాడు గోక్కోకుండా ఉండటం నేనెన్నడూ చూడలేదు.

"గీడ ఏమన్న కుట్టిందా?"

"గాడ తోటల గడ్డిల తిరిగినప్పుడు గోమారి పట్టింది. మర్నాడు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది, పీకి పడేసిన. జర ఊకో, గోమారి కరిస్తే ఏమైతది?"

గోమారంటే గేదెల చెవుల్లో, పొదుగు దగ్గర అతుక్కొని రక్తం తాగే పురుగు. తమ్ముడికి మళ్లీ ఫోన్ చేస్తే, అవి గొడ్లకు పడతాయి అక్కా, దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు. ఇంకో ట్యూబు పంపుతానన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నీ ట్యూబు నువ్వే రాసుకో," అని పెట్టేసి, కారు మాట్లాడి ఆయన్ను సూర్యాపేట తీసుకుపోయాను. దారి పొడుగునా ఆయన నన్ను పరేషాన్ మనిషివని తిడుతూనే ఉన్నాడు. నేను డ్రైవరును ఇంకాస్త తొందరగా పొమ్మన్నాను.

సూర్యాపేటలో చర్మం డాక్టరమ్మ ముందు కూర్చున్నవాళ్లలో సగం మంది తామరవాళ్లే. ఆమె కూడా చూడగానే చీటీ రాసేస్తుందేమోనని నాకు గుబులు. కానీ ఆమె కాలు వెలుతురుకు తిప్పి, అంచు మీద వేలితో రాసి చూసింది.

"పొట్టు లేదు," అన్నది. "తామరకు అంచు గరుకుగా, పొట్టు రాలుతూ ఉంటుంది. దురద పెడుతుంది. ఇంత తొందరగా పెరగదు."

బ్లేడుతో అంచును గీకి, వచ్చిన కాస్తను గాజు పలక మీద మందు చుక్క వేసి మైక్రోస్కోపులో చూసింది. ఫంగస్ కనబడలేదు. "ట్యూబు రాశారు కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మను. అందులో స్టెరాయిడ్ ఉంది, ఎరుపును కప్పేస్తుంది. ఈ పెన్ను గీత ఏంటి?"

నేను సిగ్గుపడుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. ఎప్పుడు గీశారని అడిగింది, గోమారి సంగతి రెండుసార్లు చెప్పించుకుంది, హిమాచల్‌లో ఎక్కడ తిరిగాడో అడిగింది.

"ఇది లైమ్ అనే జబ్బులా ఉంది. మన దగ్గర చాలా అరుదు, ఆ కొండల్లో ఉంది. గోమారి నోటి నుంచి క్రిమి చర్మంలోకి పోయి, అక్కడి నుంచి ఇట్లా వలయంలా పాకుతుంది. ఇప్పుడు ఆపకపోతే నరాలకు, గుండెకు, కీళ్లకు పోవచ్చు."

"రక్తం పరీక్ష చేస్తరా మేడం?" అన్నాడు మా ఆయన. గొంతులో ఇందాకటి దబాయింపు లేదు.

"చేసినా ఇంత తొందరగా దొరక్కపోవచ్చు. దాని కోసం ఆగను. మాత్రలు ఈ రోజే మొదలు పెడదాం."

ఈసీజీ తీయించింది. ఆ కాగితం ఆమె చూస్తున్నంతసేపూ నేను ఆమె మొహాన్నే చూశాను. గుండె బాగానే ఉందన్నది. ట్యూబు ఆపమన్నది. తర్వాత తన పెన్ను తీసి, వలయం కొత్త అంచు చుట్టూ తను కూడా ఒక గీత గీసింది. మాత్రలు పడ్డ మొదటి రోజు జ్వరం పెరగొచ్చు, భయపడొద్దు, కానీ కళ్లు తిరిగినా, గుండె దడ వచ్చినా, మూతి ఒక పక్కకు పోయినా, కన్ను మూతపడకపోయినా వెంటనే రమ్మన్నది.

ఇంటికి రాగానే అత్తమ్మ రెండో గీత చూసింది. "డాక్టరమ్మ గూడ గీసింది గదా," అన్నది. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఇద్దరి గీతలూ ఒకటి కావని ఎట్లా చెప్పను? ఒకరిది ఆపడానికి, ఒకరిది చూడటానికి. కానీ ఆపడానికి గీసిన గీతే, ఎరుపు తనను దాటిందని చూపించి, మమ్మల్ని సూర్యాపేట పంపింది.

ఆ రోజు జ్వరం బాగా పెరిగింది. చెప్పే పంపారు, అయినా రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. అప్పటి నుంచి పొద్దున లేవగానే నాకు రెండే పనులు. కాలు తిప్పి గీత చూడటం, ఆయన్ను నవ్వమనడం.

"ఏం జూసి నవ్వాలె?" అని విసుక్కునేవాడు.

"నన్ను సూసి నవ్వు."

పళ్లు బయటపెట్టేవాడు. నేను మూతి రెండు కొసలూ కొలిచినట్టు చూసి, కళ్లు గట్టిగా మూయమనేదాన్ని. పెళ్లై ఇన్నేళ్లలో ఆయన మొహాన్ని అంత దగ్గరగా చూసింది లేదు. ఎడమ బుగ్గ మీద చిన్న మచ్చ ఉందని నాకప్పుడే తెలిసింది.

ఎరుపు రెండో గీత దాటలేదు. అంచు పలచబడింది, వెచ్చదనం పోయింది, మెడ పట్టు వదిలింది. మాత్రలు చివరిదాకా మింగించాను. తమ్ముడు ఫోన్ చేసి, ఇప్పుడు వలయంతో ఎవరొచ్చినా ముందు దురద ఉందా, ఏమైనా కరిచిందా అని అడుగుతున్నా అక్కా అన్నాడు. సరే అన్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున్న కాలు తిప్పి చూస్తే చర్మం శుభ్రంగా ఉంది. మామూలుగానే పైకి చూసి, నవ్వు అన్నాను. ఆయన నా మొహం చూసి ఏమనుకున్నాడో, పళ్లు బయటపెట్టలేదు. నిజంగానే నవ్వాడు. రెండు వైపులా ఒక్కలాగే. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చేశాను.