పందొమ్మిది సెకన్ల మాట

ఉక్కునగరంలో నాకో బావ ఉండేవాడు. చుట్టరికమేమీ లేదు. పక్కపక్క సెక్టార్లలో క్వార్టర్లు, రోలింగ్ మిల్లులో ఒకే కంట్రోల్ రూము, ఒకే టీ ఫ్లాస్కు. అంతకు మించిన రక్తసంబంధం మా ఊళ్ళో ఉండదు. ఆయన దగ్గు మహా ప్రసిద్ధం. ముందు ఈల లాంటి ఒక కూత, వెంటనే రెండు ఫిరంగి గుళ్ళు. ఆయన గట్టిగా దగ్గిన రోజున పోర్టులో ఓడలు లంగరు తెంపుకున్నాయని నేను అందరికీ చెప్పేవాణ్ణి. సగం మంది నమ్మేవారు.

ఆ గురువారం గాజువాకలో మా ఆవిడ తమ్ముడి గృహప్రవేశం. నాకేమో బీ షిఫ్టు, అంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. షిఫ్టు మార్చుకోవాలంటే ఇద్దరూ సంతకం పెట్టిన స్లిప్పు ముందుగా ఆఫీసరుకి అందాలి. అది రూలు. మావాళ్ళ ఆచారం వేరు. మాట అనుకుంటాం, డ్యూటీ చేసేస్తాం, స్లిప్పు తీరుబడిగా రాస్తాం. స్లిప్పు అడిగినవాడు స్నేహితుణ్ణి అనుమానించినట్టే. ఆ పెద్దమనిషి తరహాయే నా కొంప ముంచింది.

మంగళవారం సాయంత్రం బావకి మెసేజి పెట్టాను. ఆయన టైపు చేయడు, వేళ్ళు పళ్ళెమంత ఉంటాయి. వాయిస్ పంపాడు, పందొమ్మిది సెకన్లు: "బావా, లచ్చివారం నీ బీ షిఫ్టు నాను సేసెత్తాను. నువ్వెళ్ళి గృహప్రవేశం సూసుకో. ఆదివారం నాది నువ్వు సెయ్యి. స్లిప్పు నానే రాసి ఇచ్చెత్తాన్లే." చివర్లో దగ్గు.

మా ఆవిడకి చెబితే నమ్మలేదు. పదిహేడేళ్ళ సంసారంలో నేను "వస్తాను" అన్న పెళ్ళిళ్ళు పదిహేడు వందలు, వెళ్ళినవి రెండు, అందులో ఒకటి మాది. ఇదిగో సాక్ష్యం అని ఆ వాయిస్‌ని అప్పటికప్పుడు ఆమెకి ఫార్వర్డ్ చేసి, ఆ సంగతి అక్కడితో మరిచిపోయాను.

గురువారం గాజువాకలో బూరెలు ఎన్ని తిన్నానో లెక్క చెప్పను. శుక్రవారం డ్యూటీకి వెళ్ళేసరికి మెమో సిద్ధంగా ఉంది. నా షిఫ్టుకి ఎవరూ రాలేదు. నా ప్యానెల్ ఖాళీగా ఉండి నలభై నిమిషాలు మిల్లు నిలిచిపోయింది. చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఫైల్లో మెమో ఉన్నవాడి పేరు ప్రమోషన్ల జాబితాలోంచి లేచిపోతుంది. ఆ జాబితాలో నా పేరు కోసం తొమ్మిదేళ్ళు కాచుకున్నాను. నా పేరు లేస్తే పైకి జరిగే తర్వాతి పేరు ఎవరిదో చెప్పాలా? దగ్గుగల బావది.

వెళ్ళి అడిగాను. ఆయన నా కళ్ళలోకి చూసి, పాపం అన్నట్టు నా భుజం తట్టాడు. "నానెప్పుడన్నాను బావా? బూరెలు తిని పడుకున్నావు గదా, కలొచ్చుంటాది."

ఫోన్ తీశాను. వాయిస్ లేదు. అంతకు వారం ముందు ఆయనే, ఫోన్లో చోటు లేదంటూ, మా చాట్‌లో మెసేజీలు ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యేలా పెట్టాడు. చాట్‌లో ఉన్న ఇద్దరిలో ఎవరు పెట్టినా ఇద్దరికీ వర్తిస్తుంది. ఆయన పెట్టినట్టు ఆయన పేరుతో ఒక గీతంత వాక్యం అక్కడే ఉంది. అది పెట్టాక వచ్చినవే మాయమవుతాయి, అంతకు ముందువి ఉంటాయి. అందుకని ఆ వాక్యానికి పైన మూడేళ్ళ శుభోదయం తామరపూలు, చెక్కు చెదరకుండా, చెరువులకి చెరువులు. కింద ఎడారి. ఆ ఎడారిలో ఒక్క ఎముకైనా మిగల్లేదు. "సరే బావా, మాట తప్పకు" అని ఆయన వాయిస్‌కి జవాబుగా నేను పెట్టింది కూడా బుధవారం రాత్రికే పోయింది. స్క్రీన్‌షాటైనా తీసి ఉండాల్సింది. తీయలేదు. తీసినా వాయిస్‌కి స్క్రీన్‌షాట్‌లో ఏముంటుంది? మైకు బొమ్మ, పక్కన పందొమ్మిది సెకన్లు. ఇక మిగిలింది నా కడుపుమంటే.

రోజూ బ్యాకప్ అవుతుంది గదా, అందులో దొరుకుతుందేమో అని ఆశపడ్డాను. ఆప్ సహాయం పేజీ చదివాను. బ్యాకప్ తీసిన వేళకి బతికున్న మెసేజి అందులోకి వెళ్తుందట, కానీ మనం ఆ బ్యాకప్‌ని తిరిగి ఎక్కించుకున్నప్పుడు గడువు తీరినవాటిని తీసేస్తుందట. యమధర్మరాజు కూడా ఇంత శ్రద్ధగా పని చేయడు.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు బావ వంశాన్ని ఏడు తరాల దాకా కడుగుతుంటే, ఆమె కూర కలుపుతూ అంది: "ఏటండీ అంత గోల, నాకు పంపినారు గదా. నా ఫోన్లో ఉంది."

ఉంది. మా ఇద్దరి చాట్‌లో ఆ మాయా గడువు లేదు. గడువు ఉన్న చాట్‌లోంచి గడువు లేని చాట్‌కి పంపిన ప్రతి, అసలు చచ్చినా బతికే ఉంటుంది. మంగళవారం సాయంత్రం అన్న తేదీ, వేళ పక్కనే ఉన్నాయి. ఒక్కటే లోపం. "ఫార్వర్డ్ చేసినది" అని ఉంటుంది తప్ప అసలెవరు పంపారో ఉండదు. టైపు చేసిన ముక్కయితే నేనే కల్పించానని తేల్చేసేవారు. గొంతు కాబట్టి బతికిపోయాను.

వెంటనే పరుగెత్తి ఆఫీసరుకి వినిపించి ఉంటే మంచివాణ్ణి అయ్యుండేవాణ్ణి. నాకు ఆ కోరిక లేదు. శనివారం ఆఫీసరు గదిలోకి బావని కూడా పిలిపించాను. సార్, ఈయన చెప్పేది కాగితం మీద రాయించండి అని వినయంగా కోరాను. బావ ధీమాగా రాశాడు. షిఫ్టు మార్పు గురించి తనకేమీ తెలియదని, తాను ఎలాంటి మాటా ఇవ్వలేదని. కింద సంతకం. ఆ సంతకం తోకలు ఆరేదాకా ఆగాను. అప్పుడు మా ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టి వేలితో నొక్కాను.

పందొమ్మిది సెకన్లు. కురుక్షేత్రం అంతకంటే త్వరగా ముగిసిందని ఎవరైనా అంటే నమ్మను.

"ఇది నీ గొంతేనా?" అన్నాడు ఆఫీసరు.

"కాద్సార్. ఎవడో మిమిక్రీ సేసుంటాడు," అన్న బావకి కంగారులో దగ్గొచ్చింది. కూత, రెండు గుళ్ళు. ఆఫీసరు ఫోన్లో చివరి మూడు సెకన్లు మళ్ళీ వినిపించాడు.

నా మెమో చింపించాడు. స్లిప్పు లేకుండా వెళ్ళినందుకు నోటితో నాలుగు చివాట్లు పెట్టాడు, తీసుకున్నాను. తర్వాత బావ రాసిన కాగితం చేతిలో పట్టుకుని నన్నడిగాడు, స్నేహితులు గదా, ఇది పక్కన పెట్టేసి ఈయన మీద గైర్హాజరు ఒక్కటే రాయనా అని. బావ నా వైపు చూశాడు. భుజం తట్టిన చెయ్యి ఈసారి ఒళ్ళో ముడుచుకుని ఉంది.

"ఫైల్లోనే పెట్టండి సార్," అన్నాను.

ఆదివారం బావ మా క్వార్టరుకి వచ్చాడు. ఆ వాయిస్ ఇంకా ఎవరెవరికి పోతుందోనని ఆయన భయం. తన ఫోన్లోంచి దాన్ని అందరికీ తీసేసే వీలుందేమోనని రాత్రంతా వెతికాడట. మా ఆవిడకి పంపినవాణ్ణి నేను, ఆయన కాదు. ఆయన చేతిలో ఏ మీటా లేదు. నా ఫోన్లో తీసేశాను బావా, మిగతాది మీ చెల్లెల్ని అడుగు అన్నాను.

ఆమె టీ కప్పు ఆయన ముందు పెట్టింది. "అది మావారు గృహప్రవేశానికి వత్తారని నాకొచ్చిన కబురు అన్నయ్యా. నా ఫోన్లోది నానెందుకు తీత్తాను?"

ఆయన సగం కప్పు వదిలేసి లేచాడు. గేటు చప్పుడయ్యేదాకా ఆగి, ఆ మిగతా సగం నేనే తాగాను. ఆ రోజు చక్కెర వేయడం మరిచిపోయానని మా ఆవిడ అంటుంది. నాకైతే అంత తియ్యటి టీ మళ్ళీ దొరకలేదు.