వరద మట్టం, స్థానిక విచారణ ప్రకారం

నా మొదటి ఉద్యోగం హోసూరులో. బస్టాండు వెనక వీధిలో టైర్ల అంగడి మీద మేడలో ఉండేది మా ఆఫీసు. చిన్న చిన్న రోడ్డు వంతెనలకు డిజైన్లు చేసేవాళ్లం. ఓనరు, నేను, బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. కింద టైరు ఎక్కించేవాళ్లు సుత్తితో కొట్టినప్పుడల్లా మా కంప్యూటరు తెర అదిరేది. ఓనరు దాన్ని చూసి, "చూడమ్మా, ఇదే ఇంపాక్ట్ లోడు" అనేవారు. ఆయన చేసే పరాచికాలు ఇంచుమించు అన్నీ ఆ కోవలోవే.

కృష్ణగిరి అవతల, మా తమిళనాటి పోచంపల్లి పోయే దారిలో ఒక వాగు మీద వంతెన పని మాకు వచ్చింది. పది మీటర్ల స్పాన్లు, అంటే వంతెన కాళ్ల మధ్య ఖాళీలు, రెండు. పాత కాజ్‌వే ఒకటి ఉండేది, రోడ్డంత ఎత్తులోనే. వాన గట్టిగా పడితే నీళ్లు దాని మీద పారేవి, రెండు పక్కలా బస్సులు నిలిచిపోయేవి.

లెక్కలు మొదలుపెట్టడానికి ముందు డిజైన్ బేసిస్ రిపోర్టు రాయాలి. మేము ఏ బరువులు తీసుకుంటాం, ఏ కోడ్ ప్రకారం పోతాం, ఏ కాంక్రీటు, ఏ కమ్మీ, తెలియని చోట ఏమనుకుంటున్నాం, ఇవన్నీ ముందే రాసి, తనిఖీ చేసే పెద్ద ఇంజనీరుతో ఒప్పించుకోవాలి. ఆయన ఊఁ అంటేనే లెక్కలకు విలువ. లేకపోతే నెలరోజులు చేసిన పనిని "నిన్నెవరు చేయమన్నారు?" అని ఒక్క మాటతో తీసి పక్కన పెట్టేస్తారు.

అది రాసే పని నాకు పడింది. మాకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకాలే కోడ్. బండ్ల బరువులకు ఐఆర్‌సీ ఆరు, కాంక్రీటుకు ఇరవై ఒకటి, పునాదులకు డెబ్బై ఎనిమిది. రెండు వరసల క్లాస్ ఏ బండ్లు, అంటే మామూలు లారీలు, లేదా ఒక వరస సెవెంటీ ఆర్ అనే భారీ బండి, రెండింట్లో ఏది ఎక్కువ బాధపెడితే అది. ఎం ముప్పై కాంక్రీటు, ఎఫ్ఈ నాలుగు వందల పదిహేను కమ్మీ. మాది రెండో భూకంప మండలం, స్పాన్లు చిన్నవి, మొత్తం పొడవూ చిన్నదే, కాబట్టి భూకంపం లెక్క అక్కరలేదు. ఇంతవరకూ హాయిగా సాగింది. మిగిలినవాటికి ఓనరు నాకొక మంత్రం ఉపదేశించారు. "తెలీని చోట 'భావించడమైనది' అని రాసెయ్ అమ్మా. భావించినందుకు ఎవురూ జైల్లో పెట్టరు."

నేను ఆ మంత్రాన్ని ఇంగ్లీషులోకి మార్చి భక్తితో వాడాను. రిపోర్టు కృష్ణగిరికి పోయింది. వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది.

తనిఖీ ఇంజనీరు రిటైరైన పెద్దమనిషి. ఇంట్లో తమిళం, బయట మా తెలుగు. తెల్ల చొక్కా మీద ఒక్క మడత ఉండేది కాదు. ఎర్ర సిరాతో రాసేవారు. నేను "భావించడమైనది" అన్న ప్రతిచోటా పక్కన "ఎవరు?" అని రాసి పెట్టారు. వరద మట్టం దగ్గర మాత్రం ఇంకొంచెం ఉదారంగా, "ఎవరు? యాడ నిలబడి?" అని రాశారు.

ఫుట్‌పాత్ దగ్గర ఇంకో ఎర్ర గీత. నడిచే జనం బరువు మేము చదరపు మీటరుకు నాలుగు వందల కిలోలు రాశాం. తీర్థయాత్రల ఊర్లలో, జాతర్లు జరిగే చోట్ల జనం కిక్కిరుస్తారు గనక అయిదు వందలు తీసుకోమంటుంది కోడ్. "పోచంపల్లి సంత సంగతి చర్చించలేదు" అని రాశారు ఆయన. అంతే, నాలుగు వందలు తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు.

ఓనరు ఫోన్ చేశారు. అవతల ఏమన్నారో గాని, రిసీవరు పెట్టేసి నావైపు తిరిగి, "ఆయప్ప స్థలానికే వస్తాడంట. నువ్వు పో. నాకు పని ఉండాది" అన్నారు.

సంత రోజు పొద్దున్నే ఎత్తులు చూసే లెవెల్ పరికరం, దానికి ఎదురుగా నిలబెట్టే గీతల కర్ర, స్టాఫ్ అంటాం, జీపులో వేసుకుని పోయినాము, నేనూ డ్రాఫ్ట్స్‌మనూ. పెద్ద ఇంజనీరు మాకంటే ముందే వచ్చి కాజ్‌వే మీద గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు.

వాగు పక్కన ఒక మామిడి తోట. దాని గేటు సరిగ్గా రోడ్డు మీదికి. గేటు పక్కన బావి, బావి మీద మోటారు కొట్టం. ఆ తోట రైతును అడిగినాను, పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్లు యాడికి వచ్చినాయి అని. ఆయన కొట్టం మెట్లలో అన్నిటికంటే కింది మెట్టు చూపించాడు.

"ఇదో, ఈడికి. కాలు మడమ తడిసిందంతే. దానికి ఇంత పెద్ద బ్రిడ్జి ఎందుకమ్మా? రోడ్డు ఎత్తు లేపితే నా గేటు గుంతలో పడిపోతాది."

అసలు సంగతి అదన్నమాట. వరద మట్టం ఎంతుంటే దానిపైన ఇంకో తొమ్మిది వందల మిల్లీమీటర్లు ఖాళీ వదిలి స్లాబ్ అడుగు పెట్టాలి. వరద పెరిగితే వంతెన పెరుగుతుంది, వంతెనతో పాటు రెండు పక్కలా రోడ్డు కట్ట పెరుగుతుంది. ఆయన మడమ వెనక ఆయన గేటుంది.

అంతలో ఎగువ నుంచి ఇంకో రైతు వచ్చాడు. తోట రైతుకు వరసకు తమ్ముడంట. ఎగువన రాగి చేను ఆయనది. వంతెన కురచగా కడితే నీళ్లు ఎదురు తన్ని ఆయన చేను మునుగుతుంది.

"మడమా?" అన్నాడు వస్తూనే. "ఏమి మాట్లాడతాండావు అన్నా? సారూ, నేను కండ్లారా చూసినాను. ఈ కొట్టం పైకప్పు మునిగింది. పెంకు ఒక్కటి కనపడలే!"

పెద్ద ఇంజనీరు నావైపు చూసి, "రెండూ లెవెల్ తియ్యమ్మా" అన్నారు.

తీసినాను. మెట్టుకూ కప్పుకూ మధ్య నా నెత్తి మీద ఇంకొకరు ఎక్కి కూర్చునేంత ఎత్తు. సగటు తీసుకుందామా అని అడిగినాను. ఆయన గొడుగు కింది నుంచి నన్ను చూసిన చూపుకు ఆ మాట మళ్లీ ఇన్నేళ్లలో ఎక్కడా అనలేదు.

ఆయన వాళ్లనేమీ అడగలేదు. ఇద్దరి మధ్యా నిలబడి, "అయితే మీ అన్న అబద్ధం చెప్తాండాడు అంటావు" అన్నారు తమ్ముడితో, చాలా మెల్లగా.

ఇంక చూడండి.

"అబద్ధం కాదా మరి? మోటారు మునిగి కృష్ణగిరికి మోసుకపోయి వైండింగు చేయించినాడు గదా! మడమ తడిస్తే మోటారు కాలతాదా సారూ?"

తోట రైతు ముఖం ఎర్రబడింది. "ఆపొద్దు నువ్వు పండ్లు ఇకిలించినావు, మరిచిపోలేదు నేను! సారూ, కప్పు మునిగింది అంటాండాడే, ఈ కొట్టం పక్కనే ఇతని గడ్డివామి ఉండె. అది యాడికైనా కొట్టుకపోయిందేమో అడగండి! అడుగు తడిసి కుళ్లింది, పైన గడ్డి ఆవులకు వేసుకున్నాడు!"

"వామి సంగతి ఎందుకిప్పుడు?"

"మోటారు సంగతి ఎందుకు నీకు?"

కొట్టుకుంటారేమో అనుకున్నాను. పెద్ద ఇంజనీరు మాత్రం కొట్టంలోకి వంగి, మోటారు బిగించిన సిమెంటు దిమ్మెను గొడుగు కొసతో తట్టి, "దీనిపైన జానెడు. ఈడ స్టాఫ్ పెట్టు" అన్నారు. మోటారు మునగాలంటే అంతన్నా రావాలి. వామి పైభాగం మిగలాలంటే అంతకు మించి పెద్దగా వచ్చి ఉండకూడదు. అన్నదమ్ములిద్దరూ అరవడం ఆపి ఆ దిమ్మె వైపు చూశారు. ఇద్దరిలో ఎవరూ కాదనలేదు. కాదంటే ఇంకేం బయటపడుతుందోనని కాబోలు.

తరవాత ఆఫీసులో వాగు వాలూ, అడ్డకొలతలూ పెట్టి లెక్క కట్టినాము. లెక్కలో వచ్చిన మట్టం ఆ దిమ్మెకు కొంచెం కిందుగా వచ్చింది. రెండింట్లో ఎక్కువది తీసుకున్నాం. రిపోర్టులో మాత్రం ఆ పొద్దుటి జగడమంతా మూడు మాటల్లో ఇమిడిపోయింది: స్థానిక విచారణ ప్రకారం.

ఆ రోజు వాగు దగ్గర లెవెల్ సర్దుతుంటే తోట రైతు నా దగ్గరికి వచ్చాడు. కోపం దిగిపోయింది.

"ఎంత బరువు మోస్తాదమ్మా మీ బ్రిడ్జి?"

చెప్పినాను. నూరు టన్నుల ట్రైలరు, లేదా డెబ్బై టన్నుల గొలుసు చక్రాల బండి, మిలిటరీ ట్యాంకు లాంటిది.

ఆయన రోడ్డును ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాడు. "యుద్ధం మా పక్కకు వస్తాదంటావా?"

"రాదప్పా. లెక్క కోసం అనుకుంటామంతే."

"మాకు మామిడికాయల లారీ పోతే చాలునమ్మా. ట్యాంకు వస్తే నేనే మా తోటలోనుంచి దారి ఇస్తాలే."

ఇంక మిగిలింది ఫుట్‌పాత్. కాజ్‌వే మీద నడుస్తూ నేను నా వాదన మొదలుపెట్టినాను. సంతకు జనం వస్తారు గదా సార్, అయిదు వందలు తీసుకుందాం అన్నాను. ఆయన నిలబడి, వేలెత్తి కోడ్ చెప్పడం మొదలుపెట్టారు.

"కోడ్ ఏమంటాది? సీజనులో జరిగే జాతర అంటాది. సంత వారం వారం వస్తాది. వారం వారం వచ్చేది సీజను యాడయితాదమ్మా? మన ఇష్టం వచ్చినట్ల చదివితే కోడ్ ఎందుకు? రాసినాయన ఊరికే రాసినాడా? ప్రతి మాటకూ..."

సంత నుంచి మళ్లిన మొదటి మంద అప్పుడే వచ్చింది. అవతలి నుంచి మేకలు, ఇవతలి నుంచి సంతకు ఆలస్యమైన ఎద్దులు, మధ్యలో నెత్తి మీద కోళ్లగంపలతో ఆడవాళ్లు, వాళ్ల వెనక హారన్ కొడుతూ టౌన్ బస్సు. నేను కాజ్‌వే అంచున పాతిన రాయి ఎక్కి నిలబడినాను. పెద్ద ఇంజనీరుకు ఆ అదృష్టం కలగలేదు. గొడుగు ఒకటి మాత్రం పైకి కనపడుతోంది. కొమ్ముల ఎద్దొకటి ఆయన తెల్ల చొక్కాకు ఒళ్లు రుద్దుకుని తాపీగా నిలబడిపోయింది.

మేకలు తోలే ఆమె ఆయన్ని చూసి, "పక్కకు పో నాయనా, నడిమిట్ల నిలబడుకుంటే యట్ల?" అని అరిచింది.

"యాడికి పోవల్లమ్మా?" అన్నారాయన. నిజంగానే చోటు లేదు.

మళ్లీ గొడుగు ఒకసారి పైకి లేచింది. మేకల అరుపులకు మించి గొంతు పెట్టి, "ఏమమ్మా! అయిదు వందలు రాసెయ్!" అని కేక వేశారు.

నిజం చెప్పాలంటే ఆ నూరు కిలోలతో మా స్లాబ్‌లో ఒక్క కమ్మీ మారలేదు. పది మీటర్ల స్పానులో ట్యాంకు ముందు మేక ఎంత? అయినా రిపోర్టులో ఆ పేరా ఆయనే స్వయంగా చెప్పి రాయించారు. వారపు సంతను జాతరతో సమానంగా ఎందుకు ఎంచాలో అర పేజీ. అంత ఆవేశంతో రాసిన ఇంజనీరింగు ఇంగ్లీషు నేను ఇంకెక్కడా చదవలేదు.

రిపోర్టు ఆమోదం పొందింది. ఓనరు దాన్ని తిప్పి తిప్పి చూసి, "భావించడమైనది ఒక్కటీ మిగల్లేదే" అన్నారు, ఏదో పోగొట్టుకున్నట్టు.

వంతెన కట్టిన తరవాత, ఇంకో పని మీద పోతూ అక్కడ దిగినాను. రోడ్డు కట్ట లేచింది, తోట గేటుకు ఏటవాలు దారి వేశారు. తోట రైతు ఆ వాలు గురించి నాకు చాలాసేపు ఫిర్యాదు చేసి, చివర్లో కాఫీ ఇప్పించాడు. వంతెన మీద సగం మేర ఎగువ రైతు ఉలవకట్టె పరిచి పెట్టి ఉన్నాడు, లారీలు తొక్కి గింజలు రాలుస్తాయని. ఒక లారీ పక్కకు తప్పుకుని పోబోతే ఆయన రోడ్డు మీదికి పరిగెత్తి డ్రైవరును తిట్టాడు.

"దాని మీదనే పో అప్పా! నీకోసమే గదా పరిచింది!"